పాత కార్డులో వడ్డీ, కొత్త కార్డులో బాకీ: నా అప్పు పెరిగిందా, తగ్గిందా?

ప్రశ్న: నా పాత క్రెడిట్ కార్డులో 1,20,000 బాకీ ఉండేది. వడ్డీ నెలకు 3 శాతం. కొత్త కార్డు ఇచ్చిన బ్యాంకు ఆరు నెలలు వడ్డీ లేకుండా ఆ బాకీని తన కార్డులోకి మార్చుకుంటానంది, ఫీజు 2.5 శాతం. ఒప్పుకున్నాను. జూన్ 18న కొత్త కార్డులో 1,20,000 పడింది, జూన్ 21న పాత కార్డుకు జమైంది. జూన్ 15న అదే కొత్త కార్డుతో 15,000 పెట్టి ఇంటికి ఒక వస్తువు కొన్నాను. జూన్ 22న కొత్త కార్డు స్టేట్‌మెంట్‌లో 1,38,000 బాకీ చూపించారు. కొన్న వస్తువు డబ్బు కట్టేస్తే దానికి వడ్డీ ఉండదనుకుని జులై 12న 15,000 కట్టాను. అయినా జులై 22 స్టేట్‌మెంట్‌లో 468 వడ్డీ వేశారు. అడిగితే, కనీస చెల్లింపు 6,900 మేరకు ముందు ఫీజుకు, ట్రాన్స్‌ఫర్ బాకీకి జమ చేశామని, ఆపైన మిగిలిందే కొనుగోలుకు పోయిందని చెప్పారు. సున్నా అయిందనుకున్న పాత కార్డులో కూడా జులై 10న 1,302 వడ్డీ వచ్చింది. అది జులై 30లోగా కట్టాలట. మా ఆవిడ రెండు స్టేట్‌మెంట్లూ చూసి, ఒక అప్పు తీర్చడానికి రెండు అప్పులు చేశారా అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. నెలకు 15,000 మించి కట్టలేను. మోసపోయానా? ఇప్పుడు ఏం చేయాలి?

సమాధానం:

ముందుగా ఒక పని చేయండి, మిగతాది తర్వాత చదవవచ్చు. పాత కార్డులో చూపిస్తున్న 1,302 ఈ రోజే కట్టేయండి. అది న్యాయమా కాదా అన్న వాదన తర్వాత పెట్టుకోవచ్చు. జులై 30 దాటితే ఆ చిన్న మొత్తం మీద ఆలస్య రుసుము పడవచ్చు. ఇంకా ఆలస్యమైతే మీ రుణ చరిత్రలో బాకీ ఎగవేతగా నమోదయ్యే అవకాశం ఉంది. లక్షా ఇరవై వేలు సక్రమంగా తీర్చిన కార్డులో పదమూడు వందల దగ్గర మచ్చ పడటం నాకు చాలా బాధ కలిగించే విషయం. ట్రాన్స్‌ఫర్ చేసుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. డబ్బు జమైందని సందేశం రాగానే పాత కార్డును మరచిపోతారు.

ఇంతకీ ఆ 1,302 ఎక్కడిది? కార్డు వడ్డీ స్టేట్‌మెంట్ వచ్చిన రోజుతో ఆగదు, బాకీ ఉన్నన్ని రోజులూ రోజువారీగా పెరుగుతూ ఉంటుంది. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 శాతం. 1,20,000 మీద రోజుకు దాదాపు 118.36 అవుతుంది. మీ పాత కార్డు స్టేట్‌మెంట్ ప్రతి నెలా 10న వస్తుంది. కొత్త బ్యాంకు పంపిన డబ్బు 21న చేరింది. ఆ 11 రోజులకు 118.36 చొప్పున లెక్కిస్తే మీకు చూపించిన 1,302 సరిగ్గా వస్తుంది. బాకీ తీరిన తర్వాత వెనక నుంచి వచ్చే తోక వడ్డీ ఇది. జూన్ 10 స్టేట్‌మెంట్ తయారయ్యేనాటికి ఆ రోజులు ఇంకా గడవలేదు కాబట్టి అందులో కనిపించలేదు, జులైలో కనిపించింది. పొరపాటుగా వేసిన వడ్డీ కాదు, మోసమూ కాదు. మీరు ట్రాన్స్‌ఫర్ చేసుకోకపోయినా ఆ 11 రోజుల వడ్డీ మీకు తప్పేది కాదు.

ఆ 1,302 కట్టిన తర్వాత కూడా ఆగస్టు 10 స్టేట్‌మెంట్ వచ్చేదాకా ఆ కార్డు మీద ఒక కన్ను వేసి ఉంచండి. జులై 10 నుంచి మీరు కట్టే రోజు వరకు ఆ చిన్న మొత్తం మీద కూడా కొద్దిపాటి వడ్డీ పడవచ్చు. లెక్క ప్రకారం అది ముప్పైకి మించకూడదు. అది కూడా కట్టి, సున్నా అని రాసి ఉన్న స్టేట్‌మెంట్ చేతికి వచ్చాకే పాత బాకీ ముగిసిందనుకోండి. మీరు పాత కార్డుకు బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్ చెల్లింపు పెట్టుకుని ఉంటే, అది ఇంకా నడుస్తోందేమో కూడా చూడండి. ట్రాన్స్‌ఫర్ సొమ్ము చేరిన తర్వాత కూడా ఆ ఏర్పాటు జూన్ స్టేట్‌మెంట్ ప్రకారం మీ ఖాతా నుంచి మరోసారి డబ్బు లాగేసే ప్రమాదం ఉంటుంది. అలా జరిగితే పాత కార్డులో బాకీకి బదులు జమ నిల్వ ఉంటుంది, అంకె పక్కన CR అని కనిపిస్తుంది. ఆ డబ్బు మీదే. వెనక్కి పంపమని అడగవచ్చు.

ఇక మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు వస్తాను, అది చాలా సరైన ప్రశ్న. రెండు స్టేట్‌మెంట్లను విడివిడిగా చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. వాటిని ఒకే లావాదేవీకి రెండు చివరలుగా చదవాలి. కొత్త కార్డులో జూన్ 18న ఖర్చుగా పడిన 1,20,000, పాత కార్డులో జూన్ 21న చెల్లింపుగా జమైన 1,20,000 ఒక్కటే డబ్బు. ఈ రెండు అంకెలూ పైసా తేడా లేకుండా సరిపోవాలి. ఫీజు ఈ మొత్తంలో కలిసి ఉండదు. కొత్త కార్డులోనే, వేరే వరుసలో, ఖర్చుగా పడుతుంది. ఫీజు మీద పన్ను ఉంటే అది కూడా కొత్త కార్డులోనే మరో వరుసగా ఉంటుంది. పాత కార్డు స్టేట్‌మెంట్‌లో ఫీజు ఊసే కనిపించదు, ఎందుకంటే పాత బ్యాంకుకు ఇది ఎవరో మీ తరఫున కట్టిన మామూలు చెల్లింపు మాత్రమే.

మధ్యలో జూన్ 18 నుంచి 21 వరకు మూడు రోజులు ఒకే బాకీ రెండు కార్డులలోనూ కనిపించి ఉంటుంది. కొత్త బ్యాంకు తన లెక్కలో రాసేసుకుంది, డబ్బు ఇంకా పాత బ్యాంకుకు చేరలేదు. ఆ రోజుల్లో ఎవరు చూసినా అప్పు రెండింతలైందనే అనుకుంటారు. డబ్బు చేరే వరకు పాత కార్డు వడ్డీ లెక్కిస్తూనే ఉంటుంది. అదే సమయంలో కొత్త కార్డు ఆరు నెలల గడియారం కూడా మొదలైపోతుంది. మీకు మూడు రోజులే పట్టింది. కొన్నిసార్లు దీనికి రెండు, మూడు వారాలు కూడా పడుతుంది. ఆ మధ్యలో పాత కార్డు గడువు తేదీ వస్తే కనీస చెల్లింపు సొంతంగా కట్టుకోవాల్సిందే. మీ పాత కార్డు గడువుకు ముందే డబ్బు చేరింది కాబట్టి మీకు ఆ ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు మీ అప్పు నిజంగా ఎంత పెరిగిందో చూద్దాం. కాగితం తీసుకుని ఆవిడ పక్కనే కూర్చుని ఈ లెక్క వేయండి. ట్రాన్స్‌ఫర్‌కు ముందు 1,20,000. కొన్న వస్తువు 15,000 కలిసింది, జులైలో మీరు 15,000 కట్టారు, ఆ రెండూ చెల్లుకు చెల్లు. అంటే ఏ ఫీజూ వడ్డీ లేకపోతే జులై 22 నాటికి మీ బాకీ 1,20,000 ఉండాలి. నిజంగా ఉన్నది కొత్త కార్డులో 1,23,468, పాత కార్డులో 1,302, మొత్తం 1,24,770. పెరిగింది 4,770. అందులో ఫీజు 3,000, పాత కార్డు తోక వడ్డీ 1,302, కొత్త కార్డు వడ్డీ 468. దీనిలో లెక్క తేలని అంకె ఒక్కటి కూడా లేదు.

అయితే అదే బాకీ పాత కార్డులోనే ఉండి ఉంటే, జూన్ 10 నుంచి జులై 22 వరకు 42 రోజులకు దాదాపు 4,970 వడ్డీ పడేది. అంటే ఫీజు కట్టిన భారం ఆరు వారాల్లోనే తీరిపోయింది. ఇక నుంచి డిసెంబరు వరకు గడిచే ప్రతి నెలా మీకు లాభమే. మీరు మోసపోలేదు. ఒప్పుకున్న ఆఫర్ మంచిదే. ఒక్క చోట మాత్రం జారిపడ్డారు, అది ఆ 468 దగ్గర.

అంకె చిన్నదే కానీ, దాని వెనక ఉన్న పద్ధతి తెలియకపోతే వచ్చే నెలల్లో అది పెద్దదవుతుంది. క్రెడిట్ కార్డుతో కొన్నవాటికి గడువు తేదీ వరకు వడ్డీ ఉండదన్న సౌకర్యానికి ఒక షరతు ఉంది. స్టేట్‌మెంట్‌లో చూపించిన మొత్తం బాకీ గడువులోగా కట్టాలి. మీకు కొన్న వస్తువు ధర 15,000 కనిపించింది. బ్యాంకుకు మాత్రం కనిపించిన మొత్తం 1,38,000. ట్రాన్స్‌ఫర్ బాకీ, ఫీజు, కొనుగోలు అన్నీ అందులో కలిసే ఉన్నాయి. మీరు ఆ మొత్తం కట్టలేదు కాబట్టి కొనుగోలు మీద వడ్డీలేని సౌకర్యం పోయింది. ఆ వడ్డీని కూడా గడువు తేదీ నుంచి కాకుండా, వస్తువు కొన్న జూన్ 15 నుంచే లెక్కిస్తారు. సున్నా వడ్డీ అన్న మాట ట్రాన్స్‌ఫర్ చేసిన మొత్తానికే వర్తిస్తుంది. అదే కార్డుతో చేసే కొనుగోళ్లకు మామూలు రేటే. ఆఫర్ ప్రకటనలో ఈ సంగతి సున్నా అంకె ఉన్నంత పెద్ద అక్షరాల్లో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

రెండో పద్ధతి, కట్టిన డబ్బు ఏ బాకీకి చేరుతుందన్నది. మీరు మనసులో కొనుగోలు కోసం కట్టారు. కార్డు మాత్రం తన క్రమం ప్రకారం పంచుకుంది. మీ 15,000లో కనీస చెల్లింపు అయిన 6,900 వరకు ఫీజుకు 3,000, ట్రాన్స్‌ఫర్ బాకీకి 3,900 వెళ్లాయి. మిగిలిన 8,100 మాత్రమే కొనుగోలుకు చేరింది. అందుకే కొనుగోలులో 6,900 ఇంకా మిగిలి ఉంది. జూన్ 15 నుంచి జులై 12 వరకు 27 రోజులు 15,000 మీద సుమారు 400, ఆ తర్వాత పది రోజులు 6,900 మీద 68. మీ 468 ఇదే. ఈ క్రమం అన్ని కార్డులకూ ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల కనీస చెల్లింపుకు మించిన డబ్బు ముందు ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకి పోతుంది, మీ కార్డు అలాంటిదే. మరికొన్ని చోట్ల మొత్తం డబ్బూ ముందు తక్కువ వడ్డీ బాకీకే పోతుంది. అటువంటి కార్డులో కొనుగోలు బాకీ ఆరు నెలలూ కదలకుండా కూర్చుని వడ్డీ పోగేస్తుంది. నిబంధనల పత్రంలో చెల్లింపుల క్రమం గురించి ఒక పేరా ఉంటుంది. ఆఫర్ రేటు కంటే ముందు చదవాల్సింది ఆ పేరా అని నా అభిప్రాయం.

ఇప్పుడు ముందున్న దారులు చూద్దాం.

ఆగస్టు చెల్లింపు దగ్గర మీకు రెండు దారులున్నాయి. ఒకటి, డబ్బు వేరే అవసరానికి ఉంచుకుని కనీస చెల్లింపుతో సరిపెట్టడం. ఈసారి అది 5 శాతం చొప్పున 6,173. అందులో 468 వడ్డీకి, మిగతా 5,705 ట్రాన్స్‌ఫర్ బాకీకి పోతుంది. కొనుగోలులోని 6,900 అలాగే ఉండి నెలకు 200 పైన వడ్డీ తెస్తూనే ఉంటుంది. వడ్డీ లేని అప్పును తీరుస్తూ, వడ్డీ ఉన్న అప్పును మోస్తున్నట్టు అవుతుంది. రెండో దారి, కనీస చెల్లింపుకు తోడు ఆ 6,900 కూడా కలిపి కనీసం 13,073 కట్టడం. మీరు ఎలాగూ 15,000 కట్టగలనన్నారు. అది కడితే కొనుగోలు బాకీ పూర్తిగా తీరి, మిగిలినది ట్రాన్స్‌ఫర్ బాకీకి చేరుతుంది. ఈ రెండింటిలో నేనైతే రెండోదే ఎంచుకుంటాను. జులై 22 నుంచి మీరు కట్టే రోజు వరకు 6,900 మీద రోజుకు 7 లోపు వడ్డీ పడుతుంది. గడువు రోజైన ఆగస్టు 12న కట్టినా అది 143 దాటదు. కాబట్టి రెండు రోజులు ముందు వెనకల గురించి ఆందోళన పడకండి, గడువు మాత్రం దాటకండి.

గడువు గురించి ఇంకో మాట. చాలా ఆఫర్లలో ఒక్క చెల్లింపు ఆలస్యమైనా ప్రత్యేక రేటు రద్దయ్యే షరతు ఉంటుంది. మామూలు నెలలో ఆలస్యానికి పడేది రుసుము, ఇక్కడ అంతకు మించి సున్నా వడ్డీయే పోయే ప్రమాదం ఉంది. కాబట్టి కనీస చెల్లింపు వరకు మీ బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టుకుని, మిగతాది మీరే కట్టండి. అప్పుడు ఊరు వెళ్లినా, మరచిపోయినా ఆఫర్ నిలబడుతుంది.

ఆ కొత్త కార్డును రోజువారీ ఖర్చులకు వాడాలా వద్దా? ట్రాన్స్‌ఫర్ బాకీ ఉన్నంత కాలం వద్దనే చెబుతాను. మీరు అందులో ఏది కొన్నా, మొత్తం బాకీ ఒకేసారి కట్టలేరు కాబట్టి, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఒక మినహాయింపు ఉంది. కొన్ని బ్యాంకులు ట్రాన్స్‌ఫర్ బాకీని నెలవారీ వాయిదాలుగా మారుస్తాయి. అప్పుడు స్టేట్‌మెంట్‌లోని మొత్తం బాకీలో ఆ నెల వాయిదా మాత్రమే కలుస్తుంది, లక్షా ఇరవై వేలు కలవదు. వాయిదా, కొనుగోళ్లు రెండూ కడితే కొనుగోళ్ల మీద వడ్డీ పడకుండా ఉంటుంది. మీ జూన్ స్టేట్‌మెంట్‌లో మొత్తం బాకీ 1,38,000గా చూపించారు కాబట్టి మీది వాయిదాల పద్ధతి కాదు.

కార్డు తప్పనిసరి అనుకుంటే పాత కార్డు ఉంది. అది సున్నాకు వచ్చి, ఒక పూర్తి స్టేట్‌మెంట్ బాకీ లేకుండా గడిచాక, కొనుగోళ్ల మీద వడ్డీలేని సౌకర్యం మామూలుగా తిరిగి వస్తుంది. కొన్ని కార్డుల్లో అందుకు రెండు స్టేట్‌మెంట్లు పడుతుంది, అడిగి తెలుసుకోండి. కానీ దీనిలో ఉన్న ప్రమాదాన్ని మీ మేలు కోరి స్పష్టంగా చెప్పాలి. పాత కార్డులో ఇప్పుడు 1,20,000 పరిమితి ఖాళీగా ఉంది. అది మళ్లీ నిండితే మీ ఆవిడ అడిగిన ప్రశ్నే నిజమవుతుంది, ఒక అప్పు రెండు అప్పులవుతుంది. ఆ కార్డును మూసేయవచ్చు, అయితే మీకు అందుబాటులో ఉన్న మొత్తం పరిమితి తగ్గి, ఉన్న బాకీ దానిలో పెద్ద భాగంగా కనిపిస్తుంది. రుణ స్కోరు మీద దాని ప్రభావం కొంత ఉండవచ్చు. మూయకుండా పరిమితిని నెల ఖర్చులకు సరిపడేంతకు తగ్గించమని అడగడం మధ్యే మార్గం. మీ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయమిది. ఆ కార్డు ముందు మీకు ఎంత నిగ్రహం ఉంటుందో మీ ఇద్దరికీ తెలిసినంతగా నాకు తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైనది డిసెంబరు. ఆరు నెలలు మొదటి స్టేట్‌మెంట్ నుంచి కాకుండా, బాకీ కొత్త కార్డులో పడిన జూన్ 18 నుంచి లెక్కిస్తే డిసెంబరు 18తో ముగుస్తాయి. కొన్ని ఆఫర్లలో ఇది కార్డు ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది, అప్పుడు గడువు ఇంకా ముందే వస్తుంది. ప్రత్యేక రేటు ముగిసే తేదీని చాలా స్టేట్‌మెంట్లలో ట్రాన్స్‌ఫర్ బాకీ వరుస పక్కనే రాస్తారు. లేకపోతే ఫోనులో అడిగి ఊరుకోకుండా, లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. అడిగేటప్పుడే రెండో ప్రశ్న కూడా వేయండి. గడువు తర్వాత మిగిలిన బాకీ మీద వడ్డీ అప్పటి నుంచి మాత్రమే పడుతుందా, లేక మొదటి రోజు నుంచి వెనక్కి లెక్కించి వేస్తారా? మామూలు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌లో అప్పటి నుంచే పడుతుంది. వడ్డీని వాయిదా వేసి, గడువులోగా అంతా తీర్చకపోతే మొత్తం ఒకేసారి వసూలు చేసే ఆఫర్లు వేరే ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీది రెండో రకమైతే కింద నేను వేసిన లెక్క పనికిరాదు. అప్పుడు బంగారం కుదువ పెట్టో, ఇంకేదైనా చవక రుణం తీసుకునో డిసెంబరు 18లోపే తీర్చడం మేలు కావచ్చు.

మీది మామూలు ట్రాన్స్‌ఫరే అనుకుందాం. ఆగస్టులో 15,000 కడితే, ఆగస్టు 22 స్టేట్‌మెంట్‌లో ట్రాన్స్‌ఫర్ బాకీ 1,08,468 ఉంటుంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు 12 వరకు మరో నాలుగు చెల్లింపులు మిగులుతాయి. పూర్తిగా తీర్చాలంటే నెలకు 27,000 పైన కావాలి. అది మీ వల్ల కాదన్నారు, ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకోవడం మంచిది. 15,000 చొప్పునే కడితే డిసెంబరు 18 నాటికి దాదాపు 48,600 మిగులుతుంది. ఈ అంకె చూసి దిగులు పడకండి. ఇదే అప్పు, కొన్న వస్తువుతో సహా, 3 శాతం వడ్డీతో పాత కార్డులో ఉండి, మీరు ఇవే ఆరు చెల్లింపులు చేసి ఉంటే దాదాపు 64,000 మిగిలేది.

ఆ 48,600 సంగతి ఏమిటి? ఏమీ చేయకుండా నెలకు 15,000 కడుతూ పోతే, మామూలు రేటు మీద నాలుగు నెలల్లో తీరుతుంది. మొత్తం వడ్డీ సుమారు 3,300 అవుతుంది. దానికి ఏ దరఖాస్తూ అక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. ఇంకో కార్డులోకి మళ్లీ ట్రాన్స్‌ఫర్ చేస్తే, అదే 2.5 శాతం ఫీజుతో 1,215 అవుతుంది. రెండు వేలకు పైగా మిగులుతుంది. కానీ మరో కొత్త కార్డు, మరో దరఖాస్తు, మరో తోక వడ్డీ, మరో ఖాళీ పరిమితి వస్తాయి. పైగా వాళ్లు ఒప్పుకుంటారన్న హామీ లేదు. ఆ దారి పట్టాలనుకుంటే నవంబరు మధ్యలోనే దరఖాస్తు చేయాలి, డిసెంబరు 18న మొదలుపెడితే డబ్బు చేరేలోపు వడ్డీ మొదలవుతుంది. అదే బ్యాంకు ఇచ్చే మరో కార్డులోకి మార్చడం సాధారణంగా కుదరదని కూడా గుర్తుంచుకోండి. మూడో దారి, మిగిలిన మొత్తానికి వ్యక్తిగత రుణం తీసుకోవడం. దాని వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీ కంటే బాగా తక్కువే. కానీ నాలుగు నెలల్లో తీరే అప్పును రెండేళ్ల వాయిదాలుగా సాగదీస్తే, రేటు తక్కువైనా మొత్తం వడ్డీ 3,300 దాటిపోవచ్చు. దాని ఫీజు కూడా లెక్కలో వేయండి. మీ ఆదాయం స్థిరమైనదైతే మొదటి దారిలో ప్రశాంతత ఎక్కువని నాకు అనిపిస్తోంది. ఈ మధ్యలో ఏదైనా బోనసో, పాత బాకీ వసూలో చేతికి వస్తే, డిసెంబరు 12 లోపే కట్టండి. డిసెంబరు 18 తర్వాత బాకీ ఉన్న ప్రతి రోజుకూ వడ్డీ ఉంటుంది.

మీ ఆవిడతో కూర్చున్నప్పుడు రాబోయే రెండు స్టేట్‌మెంట్లలో ఏం ఉండాలో ముందే రాసి పెట్టుకోండి. ఆగస్టు 10న పాత కార్డులో సున్నా, లేదంటే ముప్పై లోపు చిన్న వడ్డీ. ఆగస్టు 22న కొత్త కార్డులో ట్రాన్స్‌ఫర్ బాకీ 1,08,468, కొనుగోలు బాకీ సున్నా, వడ్డీ 143 దగ్గర. స్టేట్‌మెంట్‌లో వచ్చిన అంకె దీనికి దూరంగా ఉంటే, ముఖ్యంగా ట్రాన్స్‌ఫర్ బాకీ పక్కన వడ్డీ కనిపిస్తే, ప్రత్యేక రేటు వర్తించలేదేమోనని అనుమానించాలి. ఆఫర్ సందేశం, జూన్ 18 నాటి లావాదేవీ వరుస రెండూ జతచేసి వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్టేట్‌మెంట్ మీద అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది, ఆ గడువు ఎంతో స్టేట్‌మెంట్ వెనక పేజీలో ఉంటుంది.